బగారా పక్కన నూడుల్స్ పెడితే మనిషికి ఎన్ని గ్రాములు?

"అన్నలు, అక్కలు నమస్తే. మాది మహబూబ్‌నగర్. వచ్చే ఆదివారం మా పాప తొమ్మిదో బర్త్‌డే, ఇంట్లనే చేస్తున్నం. పిల్లలు 18 మంది, పెద్దోళ్లు 22 మంది. పిల్లలకు పాస్తానే భోజనం. పెద్దోళ్లకు బగారా, చికెన్, పక్కన నూడుల్స్. పాస్తా, నూడుల్స్ మనిషికి ఎన్ని గ్రాములు తీసుకోవాలె? ప్యాకెట్ మీద ఒక లెక్క ఉన్నది, వీడియోలల్ల ఇంకో లెక్క చెప్తున్నరు."

చెల్లె, ముందు నీ కొనుగోలు చెప్పేస్త. పాస్తా అర కిలో ప్యాకెట్లు మూడు తెచ్చుకో, రెండు వండు, మూడోది కోయకుండ పొయ్యి పక్కన పెట్టుకో. హక్కా నూడుల్స్ 150 గ్రాముల ప్యాకెట్లు ఎనిమిది, అంటే 1 కిలో 200 గ్రాములు. ఇవి సరిపోతయి. ఇవి ఎట్ల వచ్చినయో కింద రాస్తున్న, ఎందుకంటే మంది ఇద్దరు పెరిగినా, బగారా తీసేసి నూడుల్సే పెడదామనుకున్నా లెక్క నువ్వే మార్చుకోవాలె గద.

నేను నల్లగొండల కేటరింగ్ చేస్త. పెండ్లిళ్లు తక్కువ, ఇండ్లల్ల చిన్న దావత్‌లు ఎక్కువ. నా దగ్గర నడిచే లెక్క ఇది, అన్నీ ఉడకబెట్టకముందు, ఎండుగ ఉన్నప్పటి తూకం. పాస్తానే భోజనమైతే పెద్దోళ్లకు మనిషికి 90 గ్రాములు, బాగ తినేటోళ్లయితే 100. పక్క ఐటమ్‌గ అయితే 40 నుంచి 50. నూడుల్స్ భోజనంగ అయితే 70 నుంచి 80, పక్కన పెడితే 35 నుంచి 40. ఎనిమిది, తొమ్మిదేండ్ల పిల్లలకు పాస్తా భోజనమంటే 50 నుంచి 60 చాలు.

నూడుల్స్ ఎందుకు తక్కువ అంటవేమో. పాస్తాల పాస్తానే ఎక్కువ, దానికి సాస్ అంటుకోని ఉంటది, అంతే. నూడుల్స్‌ల క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం, ఉల్లిగడ్డ, గుడ్డో చికెన్ ముక్కలో పడుతయి. గిన్నె సగం అవే నింపుతయి. నూనె కూడ ఎక్కువే పడుతది కాబట్టి తొందరగ కడుపు నిండుతది. కూరగాయలు తక్కువేసి ఉత్త నూడుల్సే చేసేటట్టయితే పాస్తా లెక్కే తీసుకోవాలె.

ఇగ ప్యాకెట్ మీది లెక్క, వీడియోల లెక్క ఎందుకు కలువవో చెప్త. అమెరికా ప్యాకెట్ మీద ఒక సర్వింగ్ అంటే 2 ఔన్సులు, అంటే సుమారు 56 గ్రాములు. అది క్యాలరీలు, ఉప్పు రాయడానికి పెట్టుకున్న కొలత, ఒక మనిషి కడుపు నిండుతదని చెప్పేది కాదు. ఇటలీల ఒక మనిషికి 80 గ్రాములు అంటరు. కానీ ఆడ పాస్తా మొదటి వంతు, దాని వెనుక మాంసమో చేపో ఇంకో వంతు వస్తది. అందుకే ఆ 80 గ్రాములు మన దగ్గర పాస్తా ఒక్కటే తినేటోనికి కొంచెం తక్కువ, బగారా చికెన్ తినేటోనికి మస్తు ఎక్కువ. వీడియోలల్ల ఇంకో తిరకాసు ఉంటది. కొందరు ఉడికినంక తూకం చెప్తరు, కొందరు ఉడకకముందుది, కానీ ఏదో స్పష్టంగ చెప్పరు. "మనిషికి 200 గ్రాముల పాస్తా" అన్నరంటే అది ఉడికినదే అయి ఉంటది. ఎండు పాస్తా 200 గ్రాములు పెద్ద మనిషి కూడ తినలేడు.

ఒకసారి చేసి చూస్తే ఇది తెలుస్తది. ఇంట్ల చిన్న డిజిటల్ కాంట ఉంటే 100 గ్రాముల పెన్నె తూచి, లీటరు నీళ్లల్ల మరగబెట్టు. ప్యాకెట్ మీద 11 నిమిషాలు అని ఉంటే 11 నిమిషాలకే వార్చి, జల్లెడ దులిపి మళ్ల తూకమెయ్. 220 నుంచి 240 గ్రాముల దాక వస్తది. అదే ఇంకో మూడు నిమిషాలు పొయ్యి మీదనే వదిలేస్తే ఇంకా బరువెక్కుతది. పెరిగింది తిండి కాదు, నీళ్లే. పిండి నీళ్లు తాగి ఉబ్బుతది, ఎంతసేపు ఉంచితే అంత తాగుతది. అందుకే ఉడికిన బరువు మీద లెక్క కట్టొద్దు. ఎండు తూకం ఒక్కటే మారనిది.

గ్లాసుతోని, సోలతోని కొలిచే అలవాటు కూడ దీనికి పనికి రాదు. బియ్యానికి నడుస్తది, ఎందుకంటే గింజ చిన్నది, ఎప్పుడు పోసినా గ్లాసుల ఒకే తీరుగ సర్దుకుంటది. మెలికల మాకరోని, గొట్టాల పెన్నె, స్క్రూ లెక్క ఉండే ఫ్యుసిల్లి, ఒక్కోదానికి ఒక్కో సందు. చిన్న మాకరోని 100 గ్రాములు పట్టే గ్లాసుల పెన్నె అంత పట్టదు, ఫ్యుసిల్లి ఇంకా తక్కువ పడుతది. ఒక గ్లాసు మనిషికి అని లెక్క పెట్టుకున్నోళ్లు రకం మార్చంగనే దెబ్బ తింటరు. కాంట లేకపోతే అర కిలో ప్యాకెట్‌ను పరాత్‌ల పోసి కుప్పలు చేసుకో. పెద్దోళ్లకు భోజనమైతే అయిదున్నర కుప్పలు, పిల్లలకయితే తొమ్మిది. అంతకంటే తేలిక, కిరాణ షాపు ఆయన కాంట మీద పెట్టమంటే పెడుతడు.

నేను కూడ ఇదంత దెబ్బ తినే నేర్చుకున్న. కొత్తల జడ్చర్ల దగ్గర ఒక గృహప్రవేశం ఒప్పుకున్న, 60 మంది. బగారా, మటన్, పప్పు, పెరుగు పచ్చడి. ఇంటాయన కొడుకు హైదరాబాద్‌ల ఉద్యోగం, "అన్నా, నూడుల్స్ కూడ పెట్టు, మా దోస్తులు వస్తరు" అన్నడు. నాకు తెలిసిన లెక్క ఒక్కటే ఉండే, మనిషికి 100 గ్రాములు. ఎక్కడిదంటే ఫాస్ట్ ఫుడ్ బండి ఆయన చెప్పింది. ఆయన అమ్మేది ఒక ప్లేటు, అదే రాత్రి భోజనం. అది నాకు తట్టలేదు. 6 కిలోల నూడుల్స్ ఉడకబెట్టిన. మొదటి గంజు వార్చి బట్ట మీద పరిచినంక చూస్తే గది మూల నుంచి గడప దాక వచ్చింది. అంత కలిపి దగ్గర దగ్గర 14 కిలోలు అయింది, ఇంకా కూరగాయలు వెయ్యనే లేదు. జనం వచ్చిండ్రు, బగారా మటన్ కాడ వరుస కట్టిండ్రు, నూడుల్స్ కాడికి వచ్చేసరికి ప్లేటుల జాగ లేదు. ముసలోళ్లు ఇదేంది పురుగుల లెక్క ఉన్నది అనుకుంట దాటిపోయిండ్రు. సగానికి ఎక్కువ మిగిలింది. సాయంత్రానికి గడ్డ కట్టి గరిటె దిగలేదు. డబ్బులు ఇంటాయనవే, కానీ మాట నాకు పడ్డది.

ఆ రోజు నుంచి ముందు ఒకటే అడుగుత: ప్లేటుల ఇంకేమున్నది? అన్నం ఉన్నదా? ఉన్నదంటే మన పాలమూరు, నల్లగొండల అన్నమే భోజనం, మిగతాది ఏదైనా రుచి చూసేదే. పెద్ద వయసోళ్లు సగం మంది నూడుల్స్ ముట్టనే ముట్టరు. 30 లోపోళ్లు రెండోసారి వేసుకుంటరు. ఇద్దరినీ కలిపి సగటు కడితే మనిషికి 35 నుంచి 40 గ్రాములు వస్తది. ఇంకో మాట, నూడుల్స్ పెట్టినం గద అని బియ్యం సగానికి తగ్గించకు. అన్నం తినేటోడు అన్నమే తింటడు. నీ 22 మందికి ఉత్త బగారా అయితే నేను 2 కిలోల 750 గ్రాముల బియ్యం పోద్దును, పిల్లలు ఒక బుక్క అడుగుతరు కాబట్టి. నూడుల్స్ ఉన్నయి కాబట్టి రెండున్నర కిలోలు చాలు. తగ్గేది అంతే.

ఇగ నీ లెక్క కట్టుదాం. పిల్లలు 18 మంది, ఒక్కొక్కరికి 55 గ్రాముల పాస్తా, 990 గ్రాములు అయింది. అంటే కిలో, రెండు ప్యాకెట్లు. ఆ కిలో ఉడికితే సుమారు 2 కిలోల 300 గ్రాములు. సాస్ కిలో 300, కిలో 400 గ్రాముల దాక పడుతది. వైట్ సాస్ అయితే పాలు లీటరున్నర తీసుకో, లీటరుకు 50 గ్రాముల వెన్న, 50 గ్రాముల మైదా చొప్పున, అది మరిగి కొంచెం తగ్గుతది. స్వీట్‌కార్న్, క్యాప్సికం కలిపి ఒక 400 గ్రాములు. అంత కలిస్తే 4 కిలోలు. పిల్లకు 200 గ్రాముల చొప్పున 3 కిలోల 600 పోతే, 400 గ్రాములు మిగులుతది. అది తల్లులు రుచి చూసే వాటా, తప్పకుండ చూస్తరు.

నూడుల్స్ చూద్దాం. పెద్దోళ్లు 22 మంది, 38 గ్రాముల చొప్పున 836. ఇక్కడే చాలమంది మరిచిపోతరు, పాస్తా తినే పిల్లలు నూడుల్స్ కూడ అడుగుతరు. అసలు ముందు అదే అడుగుతరు. పిల్లకు 20 గ్రాములు వేసుకో, 360. రెండు కలిపితే 1196, అంటే 150 గ్రాముల ప్యాకెట్లు సరిగ్గ ఎనిమిది. అది ఉడికితే 2 కిలోల 700 గ్రాములు, కూరగాయలు తరిగినవి కిలో పావు వేస్తే నాలుగు కిలోలకు కొంచెం తక్కువ అయితది. పెద్ద మనిషి ప్లేటుల 120 గ్రాములు పడుతది, బగారా పక్కన అది ఒక నిండు గరిటె. ఒకవేళ బగారా వద్దు, నూడుల్సే భోజనం అనుకున్నవనుకో, అప్పుడు పెద్దోళ్లకు 75 చొప్పున 1650 గ్రాములు, ఒక్క వాళ్లకే 11 ప్యాకెట్లు అయితయి.

హక్కా కాకుండ బియ్యపు నూడుల్స్, అంటే ఆ సన్నటి తెల్లవి తెచ్చినవనుకో, అవి నీళ్లు ఇంకా ఎక్కువ తాగుతయి, భోజనానికి 60, పక్కకు 30 చాలు. రెండు నిమిషాల నూడుల్స్ ప్యాకెట్ 70 గ్రాములు దగ్గర ఉంటది, అది నూనెల వేగినది కాబట్టి పెద్దోనికి ఒకటి టిఫిన్ లెక్క, పిల్లకు సగం. దావత్‌ల మాత్రం అవి పెట్టకు, పది నిమిషాలకే ముద్దయితయి.

ఇప్పుడు గరిటె సంగతి. ఎంత తూచి వండినా, వడ్డించే చెయ్యి లెక్క తప్పితే అంత గల్లంతు. వండినంక ఒక చిన్న పళ్లెం కాంట మీద పెట్టి సున్నా చేసి, నువ్వు వడ్డించబోయే గరిటెతోనే ఒక గరిటె పాస్తా వేసి చూడు. 100 గ్రాములు వచ్చింది అనుకో, పిల్లకు రెండు గరిటెలు. పెద్దోనికి పాస్తానే భోజనమైతే 90 గ్రాముల ఎండుది ఉడికి 210, సాస్ 100 కలిపి మూడు గరిటెలు. పక్క ఐటమైతే ఒకటిన్నర. వడ్డించే అబ్బాయికి గ్రాములు చెప్తే అర్థం కాదు, రెండు గరిటెలు అంటే అర్థమయితది. ఎవలికి వాళ్లు వేసుకునే బఫే పెడితే పెద్ద గరిటె తీసేసి చిన్నది పెట్టు. మొదటి పదిమంది ఎంత వేసుకుంటున్నరో చూస్తే మిగతా అంత తెలిసిపోతది. పిల్లలు మొదటి వరుసల రెండు గరిటెలు దాటి అడుగుతున్నరంటే, అప్పుడే మూడో ప్యాకెట్‌కు నీళ్లు పెట్టు. మరగడానికి పదిహేను, ఇరవై నిమిషాలు, ఉడకడానికి పది నిమిషాలు, ఇంతల వాళ్లు కూల్‌డ్రింక్ తాగుతుంటరు. దాని కోసమే కోయకుండ పెట్టుకోమన్నది. ఎండు ప్యాకెట్ మిగిలితే నెలలు ఉంటది, ఉడికినది మిగిలితే తెల్లారేసరికి పారబోసుడే.

కిలో పాస్తా ఒకేసారి ఉడకబెట్టొద్దు. కిలోకు 8 నుంచి 10 లీటర్ల నీళ్లు కావాలె, ఇంట్ల అంత గంజు ఉండదు, ఉన్నా ఇంటి పొయ్యి మీద అది మళ్ల మరగనే మరగదు. పాస్తా వేసినంక మరుగు ఆగిపోతే అడుగున ముద్ద కడుతది, పైన పలుకు మిగులుతది. అయిదు లీటర్ల నీళ్లు, అర కిలో పాస్తా, రెండు వాయిలు. ప్యాకెట్ మీద రాసిన దానికి రెండు నిమిషాలు ముందే వార్చు, ఎందుకంటే వేడి సాస్‌ల అది ఇంకా ఉడుకుతది. వార్చిన నీళ్లు ఒక చెంబెడు దాచుకో.

ఆ చెంబెడు నీళ్లు ఎందుకో చెప్త. కేక్ కోసేసరికి ఎట్లయినా ముప్పావు గంట లేట్ అయితది, నాకు ఇన్నేండ్లల్ల టైముకు కోసిన కేక్ కనిపించలేదు. ఆ ముప్పావు గంటల పాస్తా గంజుల కూర్చోని సాస్ అంత తాగుతది. మూత తీసి చూస్తే పాస్తా పెరిగినట్టు కనిపిస్తది, సాస్ మాయమయితది. గరిటె పెడితే ఒక్క గడ్డగ లేస్తది. చాలమంది అప్పుడు తక్కువ సాస్ చేసిన అనుకుంటరు. పాలు పోసి మరగబెట్టకు, ఇంకా గట్టిపడతది. ఆ దాచిన గంజి నీళ్లు వేడి చేసి, ఒక గ్లాసు పోసి మెల్లగ కలుపు, మళ్ల జారుతది. గట్టిగ ఉన్న పాస్తా పిల్లలు తినరు, సగం వదిలేస్తరు. అప్పుడు నీ 55 గ్రాముల లెక్క తప్పని అనిపిస్తది, కానీ తప్పు లెక్కది కాదు.

నూడుల్స్‌కు మాత్రం ముందుగాల ఉడకబెట్టుకునే వీలున్నది. నడుమ కొంచెం గట్టిగ ఉండంగనే వార్చి, చల్ల నీళ్లు గుమ్మరించి, ఒక చెంచా నూనె రాసి పరాత్‌ల పల్చగ పరువు. ఎనిమిది ప్యాకెట్లు ఒకే కడాయిల కలపకు, రెండు ప్యాకెట్ల చొప్పున నాలుగు వాయిలు. ఎక్కువేస్తే వేగవు, ఉడుకుతయి, తెగి సేమ్యా ఉప్మా అయితది. ఎండకాలమైతే ఉడికినవి గంట కంటే ఎక్కువ బయట పెట్టకు, చల్లటి రోజులైనా రెండు గంటలే.

ఇంకొక మినహాయింపు ఉన్నది, మీ ఇంట్ల లేదనుకుంట కానీ రాస్తున్న. 15 నుంచి 20 ఏండ్ల పోరగాళ్లకు ఈ లెక్కలు పనికి రావు. నల్లగొండల ఒక క్రికెట్ టీమ్‌కు 14 మందికి, మ్యాచ్ అయినంక పాస్తా పెట్టిన, మనిషికి 90 గ్రాములు. పావుగంటల గంజు నాకేసిండ్రు, నేను బ్రెడ్ కోసం బజారుకు ఉరికిన. అసొంటోళ్లకు 125 వేసుకోవాలె. మీ మరుదులో, అన్న కొడుకులో ఆ వయసోళ్లు నలుగురు వస్తున్నరంటే, వాళ్ల నూడుల్స్ 38 కాకుండ 60 గ్రాములు కట్టు, ఒక ప్యాకెట్ ఎక్కువ కొను. కేక్ కంటే ముందు చిప్స్, సమోసా పెడుతున్నవంటే మాత్రం పిల్లల పాస్తా 55 నుంచి 45కు దింపు. అప్పుడు 810 గ్రాములు అయితది. రెండో ప్యాకెట్‌ల మూడోవంతు కంటే కొంచెం ఎక్కువే మిగులుతది, దాన్ని రబ్బరు వేసి పక్కన పెట్టు.